మొటిమల ట్యూబుకు తోడు కావాలి

షార్జా, రియాద్, దోహా, కువైట్... ఏ లేబర్ క్యాంపు గదికైనా వెళ్లి చూడండి. మంచం పక్కనో, కిటికీ గట్టు మీదో ఒక చిన్న మందుల డబ్బా ఉంటుంది. నొప్పుల బామ్, జ్వరం గోళీలు, గ్యాస్ గోళీలు, వాటి మధ్యలో సగం నొక్కేసిన ఒక చిన్న ట్యూబు. సెలవుకెళ్లొచ్చిన వాళ్లెవరో ఊరి నుంచి తెచ్చి ఉంటారు. గదిలో కుర్రాళ్లంతా దాన్ని ‘మొటిమల ట్యూబు’ అంటారు. ఎవరికి మొటిమ లేస్తే వాళ్లు అందులోంచే కాస్త తీసి రాసుకుంటారు. స్నో, పౌడర్ లాంటిదే అనుకుంటారు. కానీ దాని మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు క్లిండామైసిన్. అది అందానికి రాసుకునే క్రీము కాదు, యాంటీబయాటిక్. జ్వరానికి, పుండుకు డాక్టరు రాసే గోళీల జాతికి చెందిన మందే, కాకపోతే జెల్ రూపంలో ఉంది.

గోళీల దగ్గర మనవాళ్లకు ఇప్పుడు కొంచెం జాగ్రత్త వచ్చింది. గల్ఫ్‌లో యాంటీబయాటిక్ గోళీలకు డాక్టరు చీటీ అడుగుతున్నారు కాబట్టి రాక తప్పలేదు. ట్యూబు దగ్గర మాత్రం ఆ భయం లేదు. “పైన రాసుకునేదే కదా, లోపలికి పోతుందా ఏంది” అనే మాట వందసార్లు విని ఉంటాను. మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా. మొటిమలకు క్లిండామైసిన్ ఒక్కటే రాయడం మానేయాలి. రాస్తే బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి రాయాలి, అదీ మూడు నెలలు మించకూడదు. లేదంటే దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. ఎందుకో చెబుతాను.

చర్మం మీద ప్రతి సన్నని వెంట్రుక కుదుటి పక్కనా ఒక నూనె గ్రంథి ఉంటుంది. వయసులో అది ఎక్కువ నూనె వదులుతుంది. ఆ రంధ్రం మూతి దగ్గర చచ్చిన చర్మకణాలు పేరుకుని బిరడాలా మూసుకుపోతే నూనె లోపలే నిలిచిపోతుంది. ఆ నూనె తిని బతికే సూక్ష్మజీవి ఒకటుంది. దాని పేరు క్యూటిబాక్టీరియం ఆక్నెస్. ఇది బయటి నుంచి వచ్చి పడిన రోగక్రిమి కాదు, మనందరి చర్మం మీదా కాపురం ఉండేదే. నూనె ఎక్కువుండే ముఖం మీద చదరపు సెంటీమీటరుకు లక్షల్లో ఉంటుంది. మూసుకుపోయిన రంధ్రంలో గాలి ఆడదు. గాలి ఆడని చోటు దానికి స్వర్గం. అక్కడ అది పెరిగితే శరీరం దాని మీద యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధమే మనకు కనిపించే ఎర్రటి వాపు, నొప్పి, చీము.

క్లిండామైసిన్ చేసే పని ఏమిటంటే, ఆ జీవిని తిండి వండుకోనివ్వదు. ప్రతి బాక్టీరియా లోపలా ప్రొటీన్లు తయారుచేసే చిన్న యంత్రాలుంటాయి. వాటిని రైబోజోములంటారు. ఆ యంత్రంలో ఒక గాడి ఉంటుంది. క్లిండామైసిన్ వెళ్లి సరిగ్గా ఆ గాడిలో కూర్చుంటుంది. యంత్రం ఆగిపోతుంది, జీవి పెరగలేదు. వాపు కూడా కొంత తగ్గుతుంది. తాళంచెవి తాళంలో ఎలా పడుతుందో అలా పడే మందు ఇది. దీని బలం అదే, బలహీనతా అదే. తాళం కొంచెం మారితే చెవి పడదు. యంత్రంలో ఆ గాడి దగ్గర ఒక్క చిన్న మార్పు పుట్టుకతో వచ్చిన బాక్టీరియా ఉంటే, క్లిండామైసిన్ దాన్ని ఏమీ చేయలేదు.

ఇప్పుడు ఒక కుర్రాడి కథ చెబుతాను. ఇలాంటి వాళ్లు కౌంటర్ దగ్గరికి చాలామంది వస్తుంటారు కాబట్టి వాళ్లందరినీ ఒక్కడిగా చేసి, పేరు శ్రీను అందాం. వయసు 24, ఊరు జగిత్యాల వైపు, ఇక్కడ ఏసీ డక్టుల పని. వచ్చిన కొత్తలో రెండు బుగ్గల మీద, దవడ మీద కలిపి ఓ ఇరవై ఎర్ర మొటిమలు లేచాయి. ఊళ్లో మెడికల్ షాపులో అడిగి వాళ్ల బావ ఆరు ట్యూబులు పంపించాడు. క్లిండామైసిన్ జెల్, ఒక శాతం. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాశాడు. మూడో వారానికి ఎరుపు తగ్గింది. రెండు నెలలకు ఇరవై కాస్తా ఏడెనిమిదికి దిగాయి. సంతోషపడి రాస్తూనే పోయాడు. మూడో నెలలో తగ్గుదల ఆగింది. అయిదో నెలకు మళ్లీ ఇరవై. అప్పుడు వచ్చి అన్నాడు: “అన్నా, మొదలు మంచిగనే తగ్గినయి. ఇప్పుడు ఎంత రాసినా తగ్గుతలేవు. డూప్లికేట్ మాలేమో చూడు.”

ట్యూబు డూప్లికేటు కాదు. అతని ముఖం మీద బాక్టీరియా మారిపోయింది.

లెక్క ఇలా చూడండి. లెక్క కోసమే సుమా, పది లక్షల బాక్టీరియాలో ఒక్కదానికి ఆ గాడి మార్పు ఉందనుకుందాం. మందు రాయనప్పుడు ఆ ఒక్కటి జనంలో జనం. మందు రాయగానే మిగతావన్నీ కుంటుబడతాయి. నూనె అలాగే ఉంది, జాగా ఖాళీ అయింది, పోటీ లేదు. ఆ ఒక్కటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇరవైసార్లు రెట్టింపైతే ఎంతో తెలుసా? పది లక్షలు దాటుతుంది. చర్మం మీద ఇది వారాల తరబడి నెమ్మదిగా జరుగుతుంది కాబట్టే మొదట్లో మందు బ్రహ్మాండంగా పనిచేసినట్టు కనిపించి, తర్వాత చేతులెత్తేస్తుంది. మందు బాక్టీరియాకు కొత్తగా ఏమీ నేర్పలేదు. లొంగేవాటిని తొలగించి, లొంగనిదానికి రాజ్యం అప్పగించింది, అంతే.

శ్రీను తర్వాత చేసిన పని ఇంకా చూడాలి. రోజుకు రెండుసార్లు రాసేది నాలుగుసార్లు చేశాడు. గాడే మారిపోయినప్పుడు రెండు రాస్తే ఏంటి, నాలుగు రాస్తే ఏంటి? ఆ మీదట పక్క గదిలో ఎవరిదగ్గరో మిగిలిన అజిత్రోమైసిన్ గోళీలు మూడు రోజులు మింగాడు. అదీ పనిచేయలేదు. ఎందుకంటే అజిత్రోమైసిన్, దాని అన్నలాంటి ఎరిత్రోమైసిన్, మన క్లిండామైసిన్... ఈ మూడూ పేర్లు వేరైనా రైబోజోములో దాదాపు ఒకే చోటికి వెళ్లి కూర్చునే మందులు. చాలాసార్లు ఒకదానికి లొంగని బాక్టీరియా మిగతావాటికీ లొంగదు. ఒక్క ట్యూబుతో మూడు మందులకు తలుపు మూసేసుకున్నాడన్న మాట.

ఇది నా కౌంటర్ అనుభవం మాత్రమే అనుకోకండి. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో మొటిమల వైద్యులు పదేళ్లపాటు తమ దగ్గరికొచ్చిన రోగుల చర్మం నుంచి నమూనాలు తీసి చూశారు. మొటిమల యాంటీబయాటిక్స్‌లో కనీసం ఒకదానికి లొంగని బాక్టీరియా 1991లో నూటికి 35 మంది మీద ఉంటే, 1997కల్లా 64 మంది మీద కనిపించింది. ఆరేళ్లలో దాదాపు రెట్టింపు. అదే ఊరి డాక్టరు విలియం కన్‌లిఫ్ బృందం 2002లో ఇంకో పరీక్ష ఫలితాలు ప్రచురించింది. కొందరికి క్లిండామైసిన్ ఒక్కటే ఉన్న జెల్, ఇంకొందరికి అందులోనే బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపిన జెల్ ఇచ్చారు. పదహారు వారాల తర్వాత ఒంటరి మందు రాసినవాళ్ల ముఖం మీద లొంగని బాక్టీరియా మొదట్లో ఉన్నదానికి పదహారు రెట్లు మించింది. జోడు మందు రాసినవాళ్లలో అది మొదటున్న స్థాయిని దాటలేదు. మొటిమలు కూడా జోడు మందుతోనే ఎక్కువ తగ్గాయి. నా దృష్టిలో ఈ ఒక్క పరీక్ష చాలు, వాదన అక్కర్లేదు.

ఇంతకీ ఈ బెంజాయిల్ పెరాక్సైడ్ ఏం చేస్తుంది? ఇది యాంటీబయాటిక్ కాదు. చర్మం మీద విడిపోతూ ఆక్సిజన్ తాలూకు చురుకైన ముక్కల్ని వదులుతుంది. అవి బాక్టీరియా పొరనీ, లోపలి ప్రొటీన్లనీ ఏది తగిలితే దాన్ని కాల్చేస్తాయి. గాలి ఆడని చోట బతకడానికి అలవాటుపడిన జీవికి ఆక్సిజనే విషం. క్లిండామైసిన్ తాళంచెవి అయితే ఇది తలుపుకే నిప్పు పెట్టే రకం. తాళం మార్చుకుంటే చెవిని తప్పించుకోవచ్చు కానీ నిప్పును ఎలా తప్పించుకుంటారు? ఒకటి రెండు మార్పులతో బాక్టీరియా దీని నుంచి బయటపడలేదు. దశాబ్దాలుగా వాడుతున్నా దీనికి ఎదురు తిరిగిన మొటిమల బాక్టీరియా తయారైనట్టు దాఖలా లేదు. పైగా రంధ్రం మూతి దగ్గరి బిరడాను కొంచెం వదులు చేస్తుంది కూడా.

జోడీ ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. క్లిండామైసిన్‌కు లొంగని ఆ ఒక్కటి, పెరాక్సైడ్‌కు మిగతావాటిలాగే లొంగుతుంది. దానికి రాజ్యం దక్కదు. “అలాంటప్పుడు పెరాక్సైడ్ ఒక్కటే చాలదా, క్లిండామైసిన్ దేనికి?” అని అడగొచ్చు. మంచి ప్రశ్న. నిజంగానే చిన్నపాటి మొటిమలకు పెరాక్సైడ్ ఒక్కటే, లేదా దానికి తోడు అడాపలీన్ చాలాసార్లు సరిపోతుంది. వాపు, ఎరుపు ఎక్కువున్నప్పుడు క్లిండామైసిన్ చేరితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. తోడు లేకుండా ఉండగలిగేది పెరాక్సైడ్. ఉండకూడనిది క్లిండామైసిన్. మన ఊళ్లలో జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. “మా ట్యూబులో రెండు మందులున్నాయి కదా” అంటారు చాలామంది. చూస్తే క్లిండామైసిన్, నికోటినమైడ్ అని ఉంటుంది. మన దేశంలో ఇది బాగా అమ్ముడుపోయే రకం. నికోటినమైడ్ ఒక విటమిన్ జాతిది. వాపు కాస్త తగ్గిస్తుందేమో కానీ, పెరాక్సైడ్ లాగా లొంగని బాక్టీరియాను చంపదు. ఇంకో రకం క్లిండామైసిన్, అడాపలీన్. అడాపలీన్ మంచి మందే, బిరడాను కరిగిస్తుంది. కానీ అదీ బాక్టీరియాను కాల్చే మందు కాదు. కాబట్టి ట్యూబులో ఎన్ని మందులున్నాయని లెక్కపెట్టడం కాదు, బెంజాయిల్ పెరాక్సైడ్ అనే పేరుందా లేదా అని చూడాలి. ఇంకోటి, కొన్ని డబ్బాల మీద క్లిండామైసిన్ ఫాస్ఫేట్ 1.2 శాతం అని ఉంటుంది. అది ఎక్కువ బలం అనుకోవద్దు. ఒక శాతం క్లిండామైసిన్‌కు సమానమే.

శ్రీనుకు ఇక్కడి క్లినిక్‌లో డాక్టరు రాసిచ్చింది చెబుతాను. క్లిండామైసిన్, పెరాక్సైడ్ కలిసిన జెల్, రోజుకు ఒక్కసారి, రాత్రి పూట. ముఖం మామూలు నీళ్లతో కడుక్కుని, తుడిచి, బాగా ఆరాక బఠాణీ గింజంత తీసుకుని మొటిమలు లేచే చోటంతా పల్చగా రాయాలి. లేచిన మొటిమ మీదే చుక్క పెట్టడం మనవాళ్ల అలవాటు. అది తప్పు. రేపు లేవబోయేది ఇవాళ కంటికి కనబడదు. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయమన్నాడు, ఎందుకంటే పెరాక్సైడ్ మొదట్లో మంట పెడుతుంది, చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. చాలామంది మందు పడలేదని మానేసేది ఇక్కడే. రోజు విడిచి రాస్తే, పైన సాదా మాయిశ్చరైజర్ పూస్తే చాలావరకు సర్దుకుంటుంది. అయిదు, పది శాతం ఉంటేనే పనిచేస్తుందని అనుకోనక్కర్లేదు. రెండున్నర శాతం పెరాక్సైడ్ కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ.

నెల దాటేదాకా పెద్ద తేడా కనిపించలేదు. “ఇది కూడా గంతేనా అన్నా” అని ఫోన్ చేశాడు. ఆగమన్నాను. ఎనిమిదో వారానికి సగానికి సగం తగ్గాయి, పన్నెండో వారానికి అయిదారు మిగిలాయి. అక్కడ డాక్టరు క్లిండామైసిన్ ఆపేశాడు. తగ్గింది కదా అని పూర్తిగా వదిలేయలేదు, తగ్గుతోంది కదా అని అదే కొనసాగించనూ లేదు. క్లిండామైసిన్ లేని జెల్‌కు, అంటే పెరాక్సైడ్, అడాపలీన్ ఉన్నదానికి మార్చాడు. అది నెలల తరబడి వాడినా బాక్టీరియా మొండికెత్తే బాధ ఉండదు. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే చెబుతాయి: పైపూత యాంటీబయాటిక్‌ను ఒంటరిగా ఇవ్వొద్దు, పన్నెండు వారాలకు ఒకసారి ఆగి చూడండి, పూత యాంటీబయాటిక్, మింగే యాంటీబయాటిక్ రెండూ ఒకేసారి ఇవ్వొద్దు. 2024లో అమెరికా చర్మవైద్యుల సంఘం కూడా ఒంటరి పూత వద్దనే చెప్పింది.

ఇక గది విషయానికొద్దాం. నేను ఇంత గట్టిగా రాయడానికి అసలు కారణం ఇదే. లొంగని బాక్టీరియా ఒక ముఖం మీదే కూర్చోదు. 2003లో ప్రచురితమైన యూరప్ అధ్యయనం ఒకటి ఉంది. మొటిమల రోగులను చూసే 39 మంది చర్మవైద్యులను పరీక్షిస్తే 25 మంది చర్మం మీద మందుకు లొంగని మొటిమల బాక్టీరియా దొరికింది. వేరే విభాగాల్లో పనిచేసే 27 మంది డాక్టర్లను చూస్తే ఒక్కరి మీదా లేదు. రోగి ముఖం ముట్టుకుని చూసే డాక్టరుకే అంటుకుంటే, ఒకే తువ్వాలు, ఒకే దిండు, ఒకే ట్యూబు పంచుకునే ఎనిమిది మంది సంగతి చెప్పాలా?

మొటిమ ప్రాణం తీయదు, నిజమే. కానీ ముఖానికి రాసిన క్లిండామైసిన్ మొటిమల బాక్టీరియా ఒక్కదానికే తగులుతుందా? పక్కనే ముక్కులో, చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్‌కూ తగులుతుంది. సైట్‌లో రేకు కోసుకున్నప్పుడు, మేకు గుచ్చుకున్నప్పుడు చీము పట్టించేది అదే. ఈ స్టెఫైలోకాకస్‌లో పెన్సిలిన్ జాతి మందులకు లొంగని రకాలు ఉన్నాయి. అలాంటప్పుడు, లేదా పెన్సిలిన్ పడనివాళ్లకు, డాక్టరు చేతిలో మిగిలే కొద్ది మందుల్లో క్లిండామైసిన్ ఒకటి. చర్మం కింద చీము పాకుతున్నప్పుడు, ఎముకకు పట్టినప్పుడు పనికొచ్చే మందు. పైగా ఈ రకం బాక్టీరియా మందును తట్టుకునే జన్యువులను ఒకదానికొకటి అందించుకోగలవు. చేతులతో పనిచేసి బతికేవాళ్లం. చేతికి చీము పడితే ఎన్ని రోజుల పని పోతుందో, జీతంలో ఎంత కోస్తారో మీకు చెప్పక్కర్లేదు. అలాంటి రోజుకు దాచిపెట్టుకోవాల్సిన మందును బుగ్గ మీద నెలల తరబడి పూసి అరగదీస్తున్నాం.

“క్లినిక్‌కు పోతే ఖర్చు, సెలవు దొరకదు, ఊరి ట్యూబు చవక” అనే మాటలో న్యాయం ఉంది, కాదనను. అయితే లెక్క మొత్తం వేయండి. శ్రీను అయిదు నెలల్లో ఆరు ట్యూబులు, గోళీలు వాడి మొదటికే వచ్చాడు. చిన్న మొటిమలకు పెరాక్సైడ్ ఒక్కటే ఉన్న జెల్ కానీ, ఫేస్‌వాష్ కానీ చాలాచోట్ల ఫార్మసిస్టును అడిగితే దొరుకుతుంది. ఫేస్‌వాష్ అయితే రాసిన వెంటనే కడిగేయకుండా ఓ రెండు నిమిషాలు ఉంచి కడగాలి. బాత్రూమ్ బయట క్యూలో ఉన్నవాడు తలుపు కొడుతుంటాడు, తెలుసు. పెరాక్సైడ్ అసలే పడని చర్మం కొందరికి ఉంటుంది. వాళ్లకు కూడా జవాబు ఒంటరి క్లిండామైసిన్ కాదు. అజెలాయిక్ యాసిడ్, అడాపలీన్ లాంటివి ఉన్నాయి. నన్నడిగితే మొటిమల పేరుతో ఒంటరి క్లిండామైసిన్ ట్యూబు చీటీ లేకుండా చేతిలో పెట్టడం మన ఊళ్ల షాపులవాళ్లే ముందు ఆపాలి. మందుల షాపువాడినై ఉండి ఈ మాట అంటున్నానని తోటివాళ్లకు కోపం రావొచ్చు.

జోడు మందుకూ కొన్ని పేచీలు ఉన్నాయి. పెరాక్సైడ్ బట్టల రంగు లాగేస్తుంది. నీలం యూనిఫాం కాలర్ మీద, రంగు తువ్వాలు మీద తెల్ల మచ్చలు పడితే ఇక పోవు. తెల్ల దిండు గలీబు వాడండి, రాసుకున్న చేతులు కడుక్కోండి. వేడి దీనికి పడదు. చాలా రకాల జోడు జెల్‌లను షాపులో ఫ్రిజ్‌లోనే ఉంచుతారు, మీ చేతికొచ్చాక గది చల్లదనంలో రెండు మూడు నెలలే పనికొస్తుంది. ఎంతకాలమో డబ్బా మీద ఉంటుంది, తెరిచిన తేదీ పెన్నుతో దాని మీదే రాసుకోండి. ఎండలో నిలబెట్టిన బస్సులో, ఏసీ ఆపేసిన గదిలో జూలై మధ్యాహ్నం వదిలేసిన ట్యూబు మీద ఆశ పెట్టుకోవద్దు. వేడికి పెరాక్సైడ్ నుంచి బెంజీన్ అనే హానికర పదార్థం పుట్టొచ్చని 2024లో గొడవ లేచింది. అమెరికా ఎఫ్‌డీఏ 95 ఉత్పత్తులను పరీక్షించి 2025 మార్చిలో ఫలితం చెప్పింది. నూటికి 90కి పైగా ఉత్పత్తుల్లో అది లేదు, లేదా లెక్కలోకి రానంత ఉంది. కొన్నింటిని మాత్రం మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. కాబట్టి భయపడి మానేయక్కర్లేదు, చల్లని చోట పెట్టుకుని గడువు దాటినదాన్ని పారేస్తే చాలు.

రాసిన చోట కొంచెం మంట మామూలే. కళ్లు, పెదాలు వాచినా, ఊపిరి బిగపట్టినట్టున్నా వెంటనే కడిగేసి ఆస్పత్రికి వెళ్లాలి. క్లిండామైసిన్ రాసేటప్పుడు చాలా అరుదుగా ఆగని విరేచనాలు, నెత్తురు పడటం జరుగుతుంది. అప్పుడు కూడా మందు ఆపి డాక్టరుకు చూపించాలి.

ఇంకొక్క విషయం. జోడు మందు పద్ధతిగా రాసినా తగ్గకపోతే అది అసలు ఈ రకం మొటిమ కాకపోవచ్చు. హెల్మెట్ కింద నుదుటి మీద, ఛాతీ, వీపు మీద అన్నీ ఒకే సైజులో ఆవగింజల్లా లేచి, దురద పెడుతుంటే అది చెమటకు పెరిగే ఒక ఫంగస్ పని అయ్యుండొచ్చు. దానికి యాంటీబయాటిక్ రాస్తే ఇంకా పెరుగుతుంది, ఫంగస్ మందు కావాలి. మెషీన్ ఆయిల్, గ్రీజుతో పనిచేసేవాళ్లకు ముంజేతుల మీద, తొడల మీద నల్లటి తలలతో లేస్తే అది నూనె వల్ల. రంగు తేలడానికని స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసేవాళ్లకు లేచే మొటిమల సంగతి మరోలా ఉంటుంది, ముందు ఆ క్రీము పోవాలి, అది కూడా డాక్టరు చెప్పినట్టే ఆపాలి. గడ్డల్లా లోతుగా లేచి గుంటలు పడుతుంటే ఏ ట్యూబూ చాలదు, చర్మవైద్యుడి దగ్గరికే వెళ్లాలి.

వెళ్లేటప్పుడు ఖాళీ ట్యూబైనా సరే వెంట తీసుకెళ్లండి. ఎన్ని నెలల నుంచి రాస్తున్నారు, రోజుకు ఎన్నిసార్లు, మధ్యలో ఏ గోళీలు మింగారు, గదిలో ఇంకెవరైనా అదే ట్యూబు వాడుతున్నారా... ఈ నాలుగూ దాచకుండా చెప్పండి. “ఏదో క్రీము రాసిన సార్” అంటే డాక్టరు మళ్లీ అదే క్లిండామైసిన్ రాసే ప్రమాదం ఉంది.